ఖాళీ సర్వర్‌లో ఆగి ఆగి నడిచే ప్రోగ్రామ్

16 కోర్ల సర్వర్ అది. చాలా కోర్లు పనిలేకుండా ఉన్నాయి. అయినా అందులో నడుస్తున్న ఒక కంటైనర్, 100 మిల్లీసెకన్లలో చెప్పాల్సిన జవాబుకు 310 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. గ్రాఫ్ తెరిస్తే ఆ కంటైనర్ ఒక కోర్‌లో 5 శాతమే వాడుతున్నట్టు కనిపిస్తుంది. దాంతో అందరూ డేటాబేస్‌నో నెట్‌వర్క్‌నో అనుమానిస్తారు.

అసలు కారణం సెట్టింగుల్లో ఉన్న ఒక్క వరుస:

```
limits:
  cpu: 300m
```

కుబెర్నెటీస్‌లో దీనికి అర్థం కోర్‌లో పదింట మూడు వంతులు. అయితే లినక్స్ కెర్నెల్ దీన్ని వేగంగా కాదు, సమయంగా కొలుస్తుంది. ప్రతి 100 మిల్లీసెకన్లకూ 30 మిల్లీసెకన్ల కోటా ఇస్తుంది. అది అయిపోతే, పక్కన 15 కోర్లు ఖాళీగా ఉన్నా సరే, తర్వాతి విడత వచ్చేదాకా కంటైనర్‌ను కదలనివ్వదు. దీన్నే థ్రాట్లింగ్ అంటారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పనికి కావాల్సింది 100 మిల్లీసెకన్లు. మొదటి మూడు విడతల్లో 30 చొప్పున 90 పూర్తవుతాయి. ప్రతిసారీ మిగతా 70 నిరీక్షణే. నాలుగో విడతలో ఆఖరి 10. మొత్తం 310. ఇలాంటి అభ్యర్థన రెండు సెకన్లకు ఒకటి వస్తే సగటు వాడకం 5 శాతమే. ఉద్యోగులను మోసగించేది ఈ సగటే: నిమిషానికోసారి కొలిచే గ్రాఫ్‌కు మిల్లీసెకన్ల ఆగుడు కనబడదు.

థ్రెడ్లు ఎక్కువైతే కోటా ఇంకా త్వరగా కరిగిపోతుంది. రెండు కోర్ల లిమిట్ అంటే విడతకు 200 మిల్లీసెకన్లు. ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి పరుగెత్తితే 25 మిల్లీసెకన్లకే అది ఖర్చయి, మిగతా 75 అందరూ ఆగాల్సిందే.

నిజం తెలియాలంటే కంటైనర్ లోపల ఈ ఫైల్ చదవాలి:

```
cat /sys/fs/cgroup/cpu.stat
```

అందులో `nr_periods` గడిచిన విడతల లెక్క, `nr_throttled` కోటా చాలక ఆగిన విడతల లెక్క. జవాబులు ఆలస్యమైనప్పుడల్లా రెండోది కూడా పెరుగుతుంటే దోషి దొరికినట్టే. పాత కెర్నెళ్లలో మరో చిక్కుండేది: కోటా మిగిలి ఉన్నా కంటైనర్లు ఆగిపోయేవి. ఇండీడ్ సంస్థ ఇంజినీర్ డేవ్ చిలుక్ రాసిన సవరణ 2019లో లినక్స్ 5.4తో వచ్చింది. మన ఉదాహరణలోని ఆలస్యం మాత్రం ఆ లోపం వల్ల కాదు; లిమిట్ పెట్టిన ఫలితమే.

ఆలస్యాన్ని సహించని సేవలకు సీపీయూ లిమిట్ తీసేసి, `requests` మాత్రం ఉంచడం మేలు. రద్దీ లేనప్పుడు కంటైనర్ ఖాళీ కోర్లను వాడుకుంటుంది. రద్దీలో ఎవరి `requests` నిష్పత్తిలో వారికి వాటా దక్కుతుంది. కానీ ఆ అంకె నిజమైన అవసరానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే పక్క కంటైనర్ ధాటికి వాటా చిక్కిపోతుంది. మెమరీ లిమిట్‌ను మాత్రం తీయకూడదు: సీపీయూ చాలకపోతే ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది, మెమరీ చాలకపోతే కెర్నెల్ దాన్ని చంపేస్తుంది.