వార్తల్లో పదం: హాల్ ప్రభావం

కరెంటు పారే పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం పెడితే, ఆవేశ వాహకాలు ఒక అంచుకు చేరి అడ్డంగా వోల్టేజీ పుడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ దీన్ని బంగారు రేకులో గుర్తించాడు. వాహకాలు ఎలక్ట్రాన్లా, హోల్సా అన్నది ఆ వోల్టేజీ గుర్తే చెబుతుంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఈ ప్రయోగానికి వాడే జెర్మేనియం పలకనే చూద్దాం. మందం 0.5 మి.మీ., కరెంటు 5 మిల్లీఆంపియర్లు, క్షేత్రం 0.2 టెస్లా అనుకుందాం. మీటరు 14 మిల్లీవోల్టులు చూపింది. క్షేత్రం దిశ మారిస్తే మైనస్ 11. అంచుల్లోని తీగలు సరిగ్గా ఎదురెదురుగా లేకపోతే ఇలా అదనపు వోల్టేజీ కలుస్తుంది. రెండింటి తేడాలో సగం, అంటే 12.5, అసలు విలువ.

n = IB/(etV) ప్రకారం ఘన సెంటీమీటరుకు 10¹⁵ వాహకాలు. విశిష్ట నిరోధం ρ 3.3 ఓమ్-సెం.మీ. అయితే, μ = 1/(neρ) ప్రకారం చలనశీలత సుమారు 1,900 చ.సెం.మీ./వోల్ట్-సెకను. పలక వేడెక్కి రెండు రకాల వాహకాలూ పెరిగితే మాత్రం ఈ లెక్క చెల్లదు.