సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? ఆర్సీతో పాటు పాలసీలోనూ పేరు మారాలి

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక చాలామంది ఆర్సీలో పేరు మార్చుకుని ఊరుకుంటారు. పాలసీకి ఇంకా ఏడు నెలల గడువుంది కదా అన్న ధీమా. చిక్కంతా అక్కడే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ కొత్త యజమానికి దానంతట అదే వస్తుంది. మన కారు రిపేరుకు డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ అలా రాదు. ప్రమాదం జరిగితే అమ్మిన వ్యక్తికి కారు లేదు, కొన్న మీకు పాలసీ లేదు. దాంతో క్లెయిమ్ తిరస్కరిస్తారు. సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే.

కాబట్టి కొన్న 14 రోజుల్లోగా కంపెనీకి ఎండార్స్‌మెంట్ కోసం దరఖాస్తు చేయాలి. పాత పాలసీ, ఆర్సీ లేదా ఫారం 29, 30 కాపీలు, అమ్మిన వ్యక్తి అంగీకార పత్రం అడుగుతారు. ఒక్కోసారి కారును తనిఖీ చేస్తారు.

కొంత డబ్బూ కట్టాలి. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, పాత ఓనర్‌ది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.12,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో ఆయన రూ.6,000 కట్టారు. మిగిలిన ఏడు నెలలకు ఆ తేడా, అంటే రూ.3,500, మీరు చెల్లించాలి. పన్ను, ఫీజు అదనం.

అదే దరఖాస్తులో మీ చిరునామా, యజమాని ప్రమాద బీమాకు మీ నామినీ పేరు రాయించండి. లేదంటే అక్కడా పాత ఓనర్ కుటుంబసభ్యుల పేరే ఉంటుంది.

ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో పాటు అమల్లోకి వచ్చే తేదీ చూసుకోండి. ఆ తేదీకి ముందు జరిగిన నష్టం దాని కిందకు రాదు.