వార్తల్లో పదం: సరళరేఖా సంభావ్యతా నమూనా

ప్రభుత్వ పథకాల ప్రభావంపై వచ్చే అధ్యయన వార్తల్లో ఈ పదం కనిపిస్తోంది. అవును, కాదు అనే జవాబులను 1, 0గా రాసి, వాటి మీదుగా మామూలు సరళరేఖ గీసి, దాని ఎత్తునే సంభావ్యతగా చదవడం ఈ పద్ధతి.

చీపురుపల్లి మండలంలో ‘ఉపాధి హామీ పనికి వెళ్లారా?’ అని అడిగామనుకుందాం. ఊహకు ఒక రేఖ:

సంభావ్యత = 0.90 − 0.15 × దూరం (కి.మీ.)

పని 2 కిలోమీటర్ల దూరంలో ఉంటే 60 శాతం. 7 కిలోమీటర్లయితే మైనస్ 15 శాతం! అలాంటి సంభావ్యత ఉండదు. అసలు లోపం, ప్రతి కిలోమీటరూ ఒకే మోతాదులో తగ్గిస్తుందనుకోవడమే. పైగా జవాబుల చెదురు 50 శాతం దగ్గర ఎక్కువ, అంచుల్లో తక్కువ. అందుకే ఈ హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకునే రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు తప్పనిసరి.

అయినా దీన్ని కొట్టిపారేయలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్ బృందం ఉపాధి హామీ కూలి చెల్లింపుల స్మార్ట్‌కార్డులపై చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. అందులో ఏ మండలాలకు కార్డులు ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. ఇలాంటిచోట రేఖలో ‘కార్డు వచ్చిందా, లేదా’ అన్నదొక్కటే ఉంటే, దాని వాలు రెండు గుంపుల శాతాల తేడాయే. హద్దు దాటే ప్రశ్నే రాదు. సంభావ్యతలు 20 నుంచి 80 శాతం మధ్య ఉన్నప్పుడు కూడా సగటు ప్రభావం చెప్పడానికి ఈ నమూనా చాలు. ఒక్కో మనిషి గురించి అంచనా కావాలంటే మాత్రం సంభావ్యతను 0, 1 మధ్యే ఉంచే లాజిట్ నమూనా వాడాలి.