ఫార్వర్డ్ కాంట్రాక్ట్

భీమవరం ఎగుమతిదారు ఒకరు అమెరికాకు లక్ష డాలర్ల రొయ్యలు పంపుతున్నారనుకుందాం. ధర చెప్పిన రోజు డాలరు 84 రూపాయలు. సొమ్ము వచ్చేది మూడు నెలలకు. రైతుకు, ప్రాసెసింగ్ ప్లాంటుకు మాత్రం ఇప్పుడే రూపాయల్లో చెల్లించాలి. అన్నీ పోను ఆయనకు మిగిలేది రెండున్నర లక్షలు. ఈలోగా డాలరు 82కు దిగితే అందులో రెండు లక్షలు ఎగిరిపోతాయి. సరుకులో లోపం లేదు, కొన్నవాడూ మోసం చేయలేదు.

దీనికి విరుగుడే ఫార్వర్డ్ కాంట్రాక్ట్. మూడు నెలల తర్వాత వచ్చే డాలర్లను ఫలానా రేటుకు కొంటానని బ్యాంకు ఇవాళే రాసిస్తుంది. మన వడ్డీ రేట్లు అమెరికా కంటే ఎక్కువగా ఉన్నప్పుడు ఆ రేటు ఇవాళ్టి కంటే కాస్త పైనే, 84.40 దగ్గర ఉండొచ్చు. అప్పుడు చేతికొచ్చేది 84.40 లక్షలు, ఖాయం. డాలరు 86కు ఎగబాకినా అంతే.

అసలు చిక్కు ఆర్డరు రద్దయితేనే. డాలర్లు రాకపోయినా ఒప్పందం మిగిలే ఉంటుంది. దాన్ని ఆనాటి మార్కెట్ రేటుకు రద్దు చేసుకోవాలి. డాలరు పెరిగి ఉంటే ఆ తేడా ఎగుమతిదారే కట్టాలి. అందుకే కొత్త కొనుగోలుదారుతో వ్యాపారమైతే మొత్తానికి కాకుండా కొంత భాగానికే రేటు ఖాయం చేసుకోవడం మేలు.