ఆకు రసం పోసింది ఏ రోజు?

‘‘నాలుగో రోజు బొప్పాయి ఆకు రసం మొదలుపెట్టాం. ఏడో రోజుకల్లా ప్లేట్‌లెట్లు తొంభై వేలకు లేచాయి.’’ వానాకాలంలో ఈ మాట వినపడని వీధి ఉండదు. చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. కళ్లారా చూసిందే చెబుతున్నారు. రసం పోసిన రోజుకీ, అంకె లేచిన రోజుకీ మధ్య జబ్బు ఏం చేస్తోందన్నదే తెలుసుకోవాలి.

ముప్పై ఏళ్ల మనిషికి డెంగీ వచ్చిందనుకుందాం. మొదటి రోజు ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. సీబీపీ రిపోర్టులో పీసీవీ అనే గడి కూడా ఉంటుంది. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో అది చెబుతుంది. మొదటి రోజు అది 40. నాలుగో రోజు జ్వరం దిగింది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం అరవై వేలకు పడ్డాయి. ఐదో రోజు ముప్పై వేలు, పీసీవీ 48. ఆరో రోజు పతనం ఆగింది. ఏడో రోజు తొంభై వేలు. రసం ఒక్క చుక్క తాగకపోయినా చాలామందిలో జబ్బు నడక ఇలాగే ఉంటుంది. మనవాళ్లు రసం మొదలుపెట్టేది అంకె పడిపోతున్నప్పుడే కాబట్టి, తనంతట తాను లేచిన అంకె ఘనత రసానికి దక్కుతుంది.

ఇందులో నన్ను భయపెట్టేది ముప్పై వేలు కాదు, 40 నుంచి 48కి ఎక్కిన పీసీవీ. ఎర్రకణాలు పెరగలేదు. రక్తనాళాల గోడలు వదులై, వాటిలోంచి రక్తపు నీరు పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూకీ కారిపోతోంది, మిగిలిన రక్తం చిక్కబడుతోంది. బీపీ పడిపోయి మనిషి కుప్పకూలేది ఎక్కువగా ఈ కారడం వల్లే. ఇది జ్వరం దిగే వేళకు మొదలై, ఒకటి రెండు రోజులు సాగుతుంది. రక్తస్రావం లేని మనిషికి, పది వేలకు పైన ఉన్నంతవరకు మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. కారిపోయిన నీటిని అవి పూడ్చలేవు కూడా.

ఆకు రసంలో అసలేమీ లేదని కొట్టిపారేయను. మలేసియాలో 228 మంది రోగులతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. సగంమందికి రోజుకు 50 గ్రాముల ఆకుల రసం మూడు రోజులు ఇచ్చారు. వాళ్లలో ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగాయి. అయితే ఎవరు రసం తాగుతున్నారో అందరికీ తెలుసు, పోల్చడానికి ఉత్తుత్తి మందు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, అంకె రెండు రోజులు ముందు లేవడం వల్ల నీరు కారడం ఆగిందనో, ప్రాణాలు నిలిచాయనో రుజువు కాలేదు. పైగా ఆ చేదుకి కడుపులో తిప్పి వాంతి అవుతుంది. డెంగీలో ఆగని వాంతులు ప్రమాద సూచన. ఆ వాంతి రసంవల్లో జబ్బువల్లో తేల్చుకోలేక ఇంట్లో ఒక పూట గడిచిపోతే, అదే పెద్ద నష్టం.

మరి ఏం తాగించాలి? నికరాగువాలో 2003లో వచ్చిన ఒక అధ్యయనం, ఆసుపత్రికి రాకముందు ఇరవై నాలుగు గంటల్లో ఐదు గ్లాసులు, అంతకుమించి ద్రవాలు తాగినవాళ్లలో చేర్చుకోవాల్సిన అవసరం తక్కువగా కనిపించిందని చెప్పింది. ఉప్పూ చక్కెరా కలిసిన ద్రవం పేగుల్లో త్వరగా ఇంకుతుంది. అందుకే ఓఆర్‌ఎస్ ముందు వరస. లీటరు ప్యాకెట్ మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో ప్యాకెట్ అంతా పోస్తే ఉప్పు మితిమీరుతుంది. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటిమీద ఉండకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాకే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది.

దీని తర్వాత ఉప్పేసిన పలుచటి మజ్జిగ, ఉప్పు కలిపిన గంజి, రాగి జావ. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. కాబట్టి మజ్జిగకి తోడుగా బాగుంటుంది, ఒక్కటే చాలదు. రోజంతా ఉత్త మంచినీళ్లే తాగిస్తే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. బీట్‌రూట్, దానిమ్మ రసాలు ఆ నాలుగు రోజులు వద్దు. వాంతిలో ఎరుపు కనిపిస్తే రక్తమో కాదో చెప్పలేం. వాంతి భయం ఉంటే అయిదు నిమిషాలకో రెండు చెంచాలు. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మూత్రం వస్తుంటే తాగింది సరిపోతోందని గుర్తు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు కొలత డాక్టరే చెప్పాలి.

తెరిపి లేని కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడటం, మగత... ఇవి కనబడితే ఏ గ్లాసూ ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికి పారాసిటమాలే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావం తెస్తాయి.

ఏడో రోజు దాటాక కారిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆకలి పుడుతుంది, మూత్రం ధారగా వస్తుంది, ఒళ్లు దురదపెట్టొచ్చు. అప్పటికీ సెలైన్ ఎక్కిస్తూ, తాగు తాగు అని బలవంతం చేస్తూ ఉంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. ఆ రోజు నుంచి దాహం ఎంతవరకు అడిగితే అంతే చాలు.