వార్తల్లో పదం: కంట్రోల్ లిమిట్స్

‘సోమవారం కలెక్షన్లు డ్రాప్’ అని ఫిల్మ్‌నగర్ వార్తల్లో తరచూ చదువుతుంటాం. అది నిజంగా పతనమా, మామూలు హెచ్చుతగ్గా? థియేటర్ మొత్తం రాబడి విషయంలో దాన్ని తేల్చేవి కంట్రోల్ లిమిట్స్. రోజువారీ రాబడి సహజంగా ఎంత మేర ఊగుతుందో చెప్పే పై గీత, కింది గీత ఇవి. ఫ్యాక్టరీ సరుకు నాణ్యత చూడటానికి 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన పద్ధతి.

సోమవారాన్ని ఆదివారంతో పోల్చకూడదు, సోమవారాలతోనే పోల్చాలి. ఒక థియేటర్‌లో గత 8 సోమవారాల సగటు 2 లక్షల రూపాయలు, ప్రామాణిక విచలనం 20 వేలు అనుకుందాం. దానికి మూడింతలు, అంటే 60 వేలు, అటూ ఇటూ వేస్తే గీతలు 2.6 లక్షలు, 1.4 లక్షలు. ఈ సోమవారం 1.6 లక్షలొస్తే 20 శాతం తగ్గినట్టే, అయినా గీతల లోపలే ఉంది కాబట్టి కంగారక్కర్లేదు. 1.3 లక్షలైతే కారణం వెతకాలి. ముందుగా ఏదైనా షో లెక్క ఎక్కలేదేమో చూడాలి. తప్పు అక్కడే ఉండొచ్చు.

వారం వారం పాత సోమవారం పోయి కొత్తది చేరుతుంది, సగటూ మారుతుంది. సంక్రాంతి వారాన్ని కలిపితే మాత్రం గీతలు విశాలమైపోయి అసలు పతనమూ మామూలుగానే కనిపిస్తుంది. ఒకే సినిమా వసూళ్లకు ఈ లెక్క నప్పదు. అవి సాధారణంగా వారం వారం తగ్గేవే.