ర్యాంపు మీద ఎవరు ఆగాలి?

మల్టీలెవల్ పార్కింగ్‌లో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు కార్లు ఎక్కి దిగే వాలుదారే ర్యాంపు. చాలాచోట్ల పది మీటర్ల దూరానికి దాదాపు ఒక మీటరు ఎత్తు పెరిగేలా దీన్ని కడతారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ వాలు పెద్దగా తెలియదు. గేర్ల కారు నడిపేవారికి మాత్రం మధ్యలో ఆపి మళ్లీ కదిలించాల్సి వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది. హ్యాండ్ బ్రేకు వేయకపోతే, బ్రేకు మీది కాలు యాక్సిలరేటర్ మీదికి మారేలోగా బండి జానెడో మూరెడో వెనక్కి జారుతుంది. ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలనేది ఇందుకే. ఘాట్ రోడ్డు ఇరుకైన చోట దిగే బండే ఆగాలన్న రోడ్డు నియమం వెనక ఉన్నదీ ఈ లెక్కే. రాకపోకలకు ఒకే ఇరుకు ర్యాంపు ఉంటే దిగేవారు పైన చదునులోనే ఆగాలి. ఎక్కేవారు కూడా ముందు కారు పై అంతస్తులోకి పూర్తిగా చేరేదాకా కింద చదునులో ఆగడం మంచిది. ఆదివారం సాయంత్రం మాల్ ర్యాంపు మీద బంపరుకు బంపరు ఆనినట్టు నిలబడే వరుసలో ఈ పాటి ఓపికే కనిపించదు.

పైన అంతస్తుల్లో బాణం గుర్తులు ఒకే వైపు తిప్పుతాయి. ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఖాళీ కనిపించినా చుట్టు తిరిగే రావాలి. రివర్స్‌లో బయటికి వచ్చే డ్రైవరు బండ్లు వచ్చే వైపే ఎక్కువగా చూస్తాడు. ఎదురు దిశలో దూరిన కారు అతని కంట పడదు.

ప్రవేశం దగ్గర గొలుసులతో వేలాడే పసుపు, నలుపు చారల పైపు ఎత్తు కొలిచే కడ్డీ. దాని మీద 2.1 మీటర్లు అని రాసి ఉందనుకుందాం. ఇన్నోవా క్రిస్టా ఎత్తు సుమారు 1.8 మీటర్లు. పైన క్యారియర్ 15 సెంటీమీటర్లు ఉన్నా దాటుతుంది. ఊరి నుంచి తెచ్చిన 20 సెంటీమీటర్ల మూట దాని మీద కడితే మొత్తం 2.15 అవుతుంది, పైపు తగులుతుంది. పైపు ఊగి తప్పుకుంది కదా అని లోపలికి పోతే అసలు చిక్కు ర్యాంపు అడుగున వస్తుంది. ముందు చక్రాలు చదును మీద, వెనక చక్రాలు వాలు మీద ఉన్నప్పుడు కారు నడుమ భాగం నేల నుంచి మరో ఆరేడు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. స్లాబు కింది నీళ్ల పైపులు, స్ప్రింక్లర్లు విరిగేది అక్కడే. పైపు తగిలితే బండి ఆపి, వెనకవారికి సైగ చేసి, సెక్యూరిటీ సాయంతో వెనక్కి తీయడమే దారి.

కారు దిగాక అందరూ పాదచారులే. రంగు వేసిన నడకదారి లిఫ్టు దాకా ఉంటుంది. ర్యాంపు మీద నడవకూడదు, మలుపు తిరిగే డ్రైవరుకు గోడ అడ్డం. చిన్న పిల్లలైతే బానెట్ ఎత్తుకు కూడా రారు. ఆ నడకదారి మీదే బైకు నిలిపితే, ట్రాలీ తోసుకుంటూ వచ్చేవారు కార్ల మధ్యలోకి దిగక తప్పదు.